9×10 గదికి ముదురు నెమలికంఠం రంగు: పని డైరీ

హైదరాబాద్‌లో మా ఫ్లాటు రెండో అంతస్తులో ఉంటుంది. ఇది మా రెండో పడకగది. 9 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, 9.5 అడుగుల ఎత్తు. ఉత్తరాన 4×4 కిటికీ ఒక్కటే ఉంది, దాన్ని తెరిస్తే పది అడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ గోడ. తలుపూ కిటికీ తీసేస్తే రంగు వెయ్యాల్సిన గోడ 324 చదరపు అడుగులు.

పన్నెండేళ్లుగా ఈ గదికి తెలుపే. మిట్టమధ్యాహ్నం కూడా ఆ తెలుపు బూడిద రంగులోనే కనబడేది. తెలుపు తెల్లగా కనబడాలంటే దాని మీద వెలుతురు పడాలి, ఈ గదిలోకి అది రాదు. పైగా మా ఆయనది నైట్ షిఫ్టు, ఉదయం ఎనిమిది నుంచి రెండు దాకా నిద్ర ఇక్కడే. ఈ రెండు కారణాలతో ముదురు రంగు అనుకున్నాం. మీ గది ఇలాంటిది కాకపోతే చివరి దశ ముందు చదివి, ఆ తర్వాత నిర్ణయించుకోండి.

దశ 1: తడి ఉందా లేదా (మార్చి రెండో వారం)

పడమటి గోడకి అవతల బాత్రూమ్. తెల్ల గోడ మీద చెమ్మ ఉన్నా చాన్నాళ్లు తెలియదు. ముదురు గోడ మీద ఉప్పు పొంగితే మాత్రం పిండి చల్లినట్టు దూరం నుంచే కనిపిస్తుంది. అందుకే రంగు మాట ఎత్తకముందే ఈ పరీక్ష చేశా.

1. గోడకి అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ కాగితం పెట్టి నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించాలి.
2. ఒక రోజంతా వదిలెయ్యాలి.
3. ప్లాస్టిక్ లోపలివైపు, అంటే గోడకి ఆనుకున్న వైపు నీటి బొట్లు ఉంటే తడి గోడలోంచే వస్తోందని అర్థం. పైవైపు ఉంటే అది గదిలోని గాలి తేమ.

నాలుగు చోట్ల పెడితే మూడు పొడిగా ఉన్నాయి. పడమటి గోడ కింద, నేల నుంచి అడుగున్నర ఎత్తులో మాత్రం లోపలివైపు బొట్లు కట్టాయి. బాత్రూమ్ టైల్స్ సందుల్లో పాత సిమెంటు రాలిపోయి ఉంది. దాన్ని గీకించి ఎపాక్సీతో నింపించాం. ఆ తర్వాత మూడు వారాలు ఏ పనీ చెయ్యకుండా ఆగాం. మళ్లీ ప్లాస్టిక్ పెడితే పొడి. ఆ ఆగడం మాత్రం తప్పించుకోలేం. లోపల తడి ఉన్న గోడకి పుట్టీ పెడితే రంగు ఆ పుట్టీతో సహా ఊడుతుంది.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 2,400

దశ 2: రంగు ఎంచుకోవడం

షేడ్ కార్డులో నాకు నచ్చింది ముదురు నీలం. దుకాణంలో చూసినప్పుడు బాగుంది, ఇంట్లో నప్పలేదు. అక్కడ ఉండేది తెల్లని ట్యూబుల వెలుతురు, మేం రాత్రిళ్లు వాడబోయేది పసుపు ఛాయ బల్బులు. పసుపు వెలుతురులో నీలం పాలు తక్కువ కాబట్టి దాని కింద అచ్చమైన ముదురు నీలం దాదాపు నల్లగా మారిపోతుంది.

రెండడుగుల అట్టముక్కలు మూడు తీసుకుని ఒక్కోదానికి రెండు కోట్లు వేశా: ముదురు నీలం, ముదురు నెమలికంఠం, నేరేడు పండు రంగు. నేరుగా గోడ మీద వేసి చూడలేదు. చుట్టూ తెలుపు ఉంటే మధ్యలో ఏ ముదురు రంగయినా ఉన్నదానికంటే నల్లగా అనిపిస్తుంది. అట్టల్ని గది మూలలో, రెండు గోడలు కలిసే చోట నిలబెట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి బల్బు కింద చూశా. తడిగా ఉన్నప్పుడు ఎమల్షన్ లేతగా కనిపించి ఆరాక ముదురుతుంది కనుక ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాకే చూశా.

రాత్రి బల్బు కింద నీలం నల్లబడిపోయింది. నేరేడు రంగు గోధుమ వైపు తిరిగింది. నెమలికంఠంలో ఆకుపచ్చ పాలు ఉండటంతో అది మాత్రం రంగుగానే నిలిచింది. "గదిలో ఏ దీపం వెలిగిస్తారో ఆ దీపం కిందే రంగు చూడాలి" అని మా రంగుల మేస్త్రీ చెప్పిన మాట అక్షరాలా నిజమైంది.

ఈ దశ ఖర్చు: రూ. 660. మొత్తం: రూ. 3,060

దశ 3: గోడ నునుపు (మొదటి పొరపాటు)

మేస్త్రీ వచ్చి గోడ మీద చెయ్యి ఆనించి చూసి, "బాగానే ఉందమ్మా, పాత పుట్టీ గట్టిగా ఉంది, గీకక్కర్లేదు" అన్నాడు. చేతికి నిజంగానే నున్నగా తగిలింది. నేనూ సరే అన్నా. అక్కడక్కడా మేకుల బెజ్జాలకి పుట్టీ పెట్టి ఎమరీ కాగితంతో రుద్దించి ఆ రోజుకి పని ముగించాం.

రాత్రి ఎందుకో అనుమానం వచ్చి గదిలో లైట్లు ఆర్పి, టార్చిని గోడకి ఆనించి పక్కవాటంగా వెలిగించా. గోడంతా అలలే. పాత పుట్టీ పలక లాగిన చారలు, స్విచ్ బోర్డు చుట్టూ చిన్న గుంట, తలుపు పక్కన ఎప్పుడో పైపు కోసం తవ్వి పూడ్చిన గీత ఉబ్బెత్తుగా ఉన్నాయి. తెల్ల గోడ మీద ఇవన్నీ కనబడవు. గది నిండా వెలుతురు అటూ ఇటూ తిరిగి ఆ నీడల్ని చెరిపేస్తుంది. ముదురు గోడ వెలుతురుని తిప్పి పంపదు, అందుకే పక్కనుంచి ఒక దీపం పడితే ప్రతి ఎత్తుపల్లం బయటపడుతుంది.

మర్నాడు మేస్త్రీకి టార్చి వేసి చూపించా. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత తనే పెన్సిలుతో గుర్తులు పెట్టడం మొదలెట్టాడు. మొత్తం 41 గుర్తులు. ఆ తర్వాత వరస ఇలా మార్చాం:

1. గుర్తులున్న చోటే కాకుండా గోడ మొత్తానికి పలచగా ఒక కోటు పుట్టీ. వెడల్పాటి పలకతో, కింది నుంచి పైకి.
2. ఆరాక రెండో కోటు అడ్డంగా. మొదటి కోటు చారలు దీంతో నిండుతాయి.
3. 120 నంబరు ఎమరీ కాగితాన్ని చెక్క ముక్కకి చుట్టి రుద్దడం. ఉత్త చేత్తో రుద్దితే వేళ్లు ఆనిన చోట గుంటలు పడతాయి.
4. చీకట్లో టార్చి పరీక్ష. మిగిలిన చోట్ల మళ్లీ పుట్టీ.
5. 220 నంబరుతో తుది రుద్దుడు, తర్వాత తడి గుడ్డతో దుమ్ము తుడవడం.

రెండోసారి టార్చి వేసినప్పుడు 9 గుర్తులు మిగిలాయి, మూడోసారి ఏమీ లేవు. ఒక్క రోజులో అయిపోతుందనుకున్న పని మూడు రోజులు పట్టింది. ఈ డైరీ మొత్తంలో ఒక్క దశ మాత్రమే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. రంగు వేశాక అల కనబడితే మళ్లీ పుట్టీ, ప్రైమర్, అన్ని కోట్ల రంగూ మొదటి నుంచి వెయ్యాల్సిందే.

ఈ దశ: పుట్టీ 20 కిలోలు 560, ఎమరీ కాగితాలు 140, కూలి మూడు రోజులు 3,300. మొత్తం: రూ. 7,060

దశ 4: ప్రైమర్, రంగు (ఏప్రిల్, బయట 39 డిగ్రీలు)

లేత రంగులు కలిపే డబ్బాలో తెల్లని పొడి, అంటే టైటానియం డయాక్సైడ్ ఎక్కువ. కింద ఉన్నదాన్ని కప్పేది అదే. ముదురు రంగులకి వాడే డీప్ బేస్‌లో ఆ పొడి బాగా తక్కువ, లేకపోతే రంగు పాలిపోతుంది. దాంతో ముదురు రంగు చూడ్డానికి చిక్కగా ఉన్నా కప్పే శక్తి తక్కువ. తెల్ల ప్రైమర్ మీద వేస్తే మూడు కోట్ల తర్వాత కూడా లోపలి తెలుపు మచ్చలు మచ్చలుగా తొంగిచూస్తుంది.

దీనికి మందు బూడిద రంగు ప్రైమర్. నాలుగు లీటర్ల వాటర్ ప్రైమర్‌లో నల్ల స్టెయినర్ కొద్దికొద్దిగా పోస్తూ కలిపాం. సీసాలో 100 మి.లీ. ఉంటే దాదాపు అంతా పట్టింది. తడి సిమెంటు రంగు వచ్చాక ఆపాం. ఒక కోటు వేసి రాత్రంతా ఆరనిచ్చాం.

రంగు పూర్తి మ్యాట్ తీసుకున్నా. మెరుపు ఉన్నది తుడవడానికి సులువే కానీ, ముదురు గోడ మీద ప్రతి బల్బూ అద్దంలోలాగా మెరుస్తుంది, ఏ కాస్త అల మిగిలినా చూపించేస్తుంది.

మొదటి కోటు మచ్చలు మచ్చలుగా వచ్చింది. అది మామూలే, భయపడక్కర్లేదు. రెండో కోటుతోనే అసలు దెబ్బ తగిలింది. మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను వేసుకుని పని చేశారు. ముందు నాలుగు గోడల అంచులూ బ్రష్‌తో పూర్తి చేసి, ఆ తర్వాత రోలర్ మొదలెట్టారు. ఆరాక చూస్తే గోడ నిండా నిలువు చారలు, అంచుల చుట్టూ పటం కట్టినట్టు ముదురు చట్రం. మేస్త్రీ "ఇంకో కోటు వేస్తే పోతాయమ్మా" అన్నాడు. అదే పద్ధతిలో వేస్తే ఎలా పోతాయి? ఆ ఎండకీ ఫ్యానుకీ రంగు రెండు మూడు నిమిషాల్లో ఆరిపోతోంది. ఆరిన అంచు మీద మళ్లీ రోలర్ తిరిగితే అక్కడ రెండు పొరలు పడి చార మిగులుతోంది.

మూడో కోటుకి మార్చినవి:

1. పొద్దున్న ఆరున్నరకి మొదలు. ఫ్యాను బంద్, కిటికీ మూసి.
2. ఒక గోడ అంచులు బ్రష్‌తో వేసిన వెంటనే, అవి తడిగా ఉండగానే ఆ గోడకి రోలర్. అది పూర్తయ్యాకే రెండో గోడ.
3. ఒక గోడ మధ్యలో ఆగడం లేదు. టీ వచ్చినా సరే.
4. రోలర్‌ని ఎప్పుడూ తడి అంచు వైపుకే లాగాలి. చివర్లో పై నుంచి కిందికి ఒకే దిశలో తేలిగ్గా ఒక లాగుడు.

చారలు మూడు గోడల మీద పూర్తిగా పోయాయి. కిటికీ గోడ మీద కొంచెం మిగిలితే దానికి ఒక్కదానికే నాలుగో కోటు.

రంగు లెక్క: డబ్బా మీద లీటరుకి రెండు కోట్లు 130 చదరపు అడుగులని ఉంది. మూడు కోట్లకి 324 అడుగుల గోడ అంటే 3.75 లీటర్లు. నాలుగు లీటర్లు చాలుననుకున్నా. నాలుగో కోటు వచ్చి పడటంతో ఇంకో లీటరు తెప్పించాల్సి వచ్చింది. అదే మిషన్, అదే షేడ్ నంబరు, అయినా పక్కపక్కన పూస్తే వెంట్రుకవాసి తేడా కనిపించింది. అందుకని పాత డబ్బాలో మిగిలినదీ కొత్త లీటరూ ఒక బకెట్లో కలిపేసి, ఆ గోడ మొత్తం మూల నుంచి మూల దాకా దాంతోనే వేశాం. గోడ మధ్యలో డబ్బా మారితే గీత తెలుస్తుంది, మూలలో మారితే తెలియదు. మిగిలిన పావు లీటరు గాజు సీసాలో మూత బిగించి దాచా.

పైకప్పు తెల్లగానే ఉంచాం, కారణం తర్వాతి దశలో చెప్తా. కానీ అక్కడా ఒక చిక్కు వచ్చింది. గోడా స్లాబూ కలిసే గీత ఎక్కడా తిన్నగా లేదు. దారం పట్టి చూస్తే పది అడుగుల్లో అర అంగుళం వంకర. తెలుపు మీద తెలుపు ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు, ముదురు రంగు దాన్ని గీత గీసినట్టు చూపించింది. చివరికి పైకప్పుకి అంగుళంన్నర కిందుగా సుద్ద దారం కొట్టి, టేపు వేసి, ఆ పైభాగాన్ని పైకప్పు తెలుపుతోనే నింపాం. కన్ను ఇప్పుడు ఆ తిన్నటి గీతనే చూస్తోంది, అసలు మూలని పట్టించుకోవట్లేదు. టేపుని రంగు పూర్తిగా ఎండకముందే వెనక్కి మడిచి లాగాలి. ఒక వైపు ఆలస్యమై రంగు పెచ్చులా లేచింది, చేత్తో సన్న బ్రష్ పట్టి సరిచేశాం.

ఈ దశ: ప్రైమర్, స్టెయినర్ 990, రంగు ఐదు లీటర్లు 3,470, రోలర్లు, టేపు, ప్లాస్టిక్ 640, కూలి నాలుగు రోజులు 4,400. మొత్తం: రూ. 16,560

దశ 5: వెలుతురు (రెండో పొరపాటు, పెద్దది)

రంగు ఆరిన రాత్రి పాత ట్యూబ్‌లైట్ వేశాం. మా అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఇదేంటమ్మా, గోడలకి కాటుక పూసినట్టుంది" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. గోడకి బిగించిన 20 వాట్ల ట్యూబ్ ఒక్కటే కళ్లలో పొడుస్తోంది, మిగతా గదంతా నల్లగా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫోన్లో వెలుతురు కొలిచే యాప్ ఉంది. అది కచ్చితమైన మీటరు కాదు, కానీ అదే ఫోనుతో అదే చోట ముందూ తర్వాతా కొలిస్తే తేడా తెలుస్తుంది. రంగు వెయ్యకముందు మంచం మధ్యలో 140 లక్స్ రాసిపెట్టుకున్నా. ఇప్పుడు 75. తలుపు వెనక మూలలో 60 నుంచి 12కి పడిపోయింది.

ఎందుకు పడిందో లెక్క వేస్తే తేలింది. కొత్త తెల్ల గోడ తన మీద పడ్డ వెలుతురులో 80 శాతం దాకా తిప్పి పంపుతుంది. నేను ఎంచుకున్న రంగు 7 శాతమే పంపుతుంది (కొన్ని షేడ్ కార్డుల మీద ఈ అంకె ఎల్ఆర్‌వీ అని ఉంటుంది). పైకప్పు 80, మా లేత టైల్స్ నేల 40 అనుకుని, వైశాల్యాల ప్రకారం గదికి సగటు తీస్తే తెల్ల గోడలతో 73 శాతం, ముదురు గోడలతో 26 శాతం వస్తుంది. దీపం 100 పాళ్లు ఇచ్చిందనుకోండి. తెల్ల గదిలో మొదటి తిరుగుడులో 73, అవి మళ్లీ తగిలి 53, మళ్లీ 39, ఇలా అన్నీ కలిపితే దాదాపు 270 పాళ్లు ఊరికే వచ్చినట్టే. ముదురు గదిలో 26, 7, 2, అంతే: 35. గదిలో మనకి "వెలుగుగా ఉంది" అనిపించేది ఎక్కువగా ఈ తిరిగే వెలుతురే.

అంటే ఇంకా పెద్ద ట్యూబ్ వేసినా లాభం తక్కువ. గోడకి బిగించిన ట్యూబ్ వెలుతురులో చాలా భాగం గోడలే మింగేస్తాయి. ఈ గదిలో వెలుతురు కావాలంటే రెండే దారులు: కావాల్సిన వస్తువుకి దగ్గరగా దీపం పెట్టడం, లేదా మిగిలి ఉన్న ఒకే ఒక్క తెల్ల భాగానికి, అంటే పైకప్పుకి కొట్టి కిందికి దించడం. పైకప్పు తెల్లగా ఉంచింది అందుకే. పైకప్పు కూడా అదే రంగు వేస్తే మూలలు కలిసిపోయి గది ఎక్కడ ముగుస్తుందో తెలియదు, అది అందమే. కానీ అప్పుడు ఈ రెండో దారి మూసుకుపోతుంది.

ట్యూబ్ తీసేసి ఇలా పెట్టాం:

1. మంచం తలవైపు బట్ట తొడుగున్న చిన్న దీపం. తొడుగు కింది అంచు కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులో.
2. తలుపు వెనక మూలలో నిలువు దీపం, మొహం పైకప్పు వైపు.
3. బల్ల మీద మూడో దీపం, గోడకి అడుగు దూరంలో. దీని వల్లే గోడ రంగు రాత్రి నెమలికంఠంలా కనిపిస్తుంది.

మూడూ 9 వాట్ల బల్బులు, 2700 కెల్విన్ అంటే పసుపు ఛాయ, రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె 90. పాత ట్యూబ్‌తో పోలిస్తే మొత్తం వాట్లు 20 నుంచి 27 అయ్యాయి, అంతే. పుస్తకం పేజీ మీద ఇప్పుడు 230 లక్స్, తలుపు మూలలో 35. మంచం మధ్యలో 80, అంటే ట్యూబ్‌తో వచ్చినంతే. అయినా గది చీకటిగా అనిపించదు, ఎందుకంటే చూపు ఎటు తిరిగినా వెలిగిన చోటు ఒకటి కనిపిస్తుంది.

పగటిపూట ఇంకో ఇబ్బంది వచ్చింది. చుట్టూ ముదురు గోడ, మధ్యలో తెల్లగా కిటికీ. దాని వైపు చూస్తే కళ్లు చిట్లించాల్సి వచ్చేది. కిటికీ చుట్టూ గోడ మందం ఉంటుంది కదా, ఆరంగుళాలు, దానికీ ముదురు రంగే వేశాం, అది నా తప్పు. ఆ లోపలి పక్కలకి మాత్రం మీగడ తెలుపు వేయించి, పలచటి మీగడ రంగు కర్టెను కట్టా. వెలుతురు ఇప్పుడు కిటికీ నుంచి గోడకి మెట్టు మెట్టుగా దిగుతోంది, చూపుకి హాయిగా ఉంది. మా ఆయన నిద్రకి దాని వెనక మందపాటి కర్టెను ఎలాగూ ఉంది.

ఈ దశ: దీపాలు, బల్బులు 4,410, రంగు, కర్టెను 1,080. మొత్తం: రూ. 22,050

దశ 6: మూడు నెలల తర్వాత (జులై)

మంచం తలవైపు తల ఆనే చోట మ్యాట్ రంగు రాపిడికి నున్నబడి మెరుస్తోంది. తుడిస్తే పోదు, ఇంకా మెరుస్తుంది. సీసాలో దాచిన రంగుతో అరచేయంత మచ్చ దిద్ది చూశా. ఎదురుగా చూస్తే కలిసిపోయింది, పక్కనుంచి చూస్తే మచ్చ తెలుస్తోంది. ముదురు మ్యాట్ గోడకి ముక్క దిద్దుబాటు కుదరదు, మూల నుంచి మూల దాకా వెయ్యాలి. అక్కడ చెక్క పలక బిగించేశాం. స్విచ్ బోర్డు చుట్టూ చేతి మరకలు ఆశించినంత లేవు, గోళ్ల గీతలు మాత్రం సుద్ద గీతల్లా తెల్లగా పడుతున్నాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో మ్యాట్ వద్దనే అంటాను.

మా పాప తొమ్మిదో తరగతి. దాని చదువు బల్ల ఈ గదిలోనే కిటికీ పక్కన ఉండేది. పగలు బల్ల మీద 110 లక్స్ ఉన్నది 65కి వచ్చింది, దీపం లేకుండా చదవలేని స్థితి. రెండు వారాలు చూసి బల్లని హాల్లోకి మార్చేశాం. పగలంతా పని చేసుకునే గదికి, కూరగాయలు తరిగే వంటింటికి, ఒకే ట్యూబ్ తప్ప ఇంకో ప్లగ్ పాయింటు లేని అద్దె గదికి ఈ రంగు నేను వెయ్యను. తలుపు మీద అటక, పక్కన ఇనుప బీరువా, పైన బట్టల తీగ ఉన్న గదికి కూడా వద్దు. వెనక గోడ ముదురుగా ఉంటే ఆ లేత వస్తువులే ముందుకు పొడుచుకొచ్చి గది ఇంకా ఇరుకుగా కనబడుతుంది. మేం బీరువాని తీసి వేరే గదిలో పెట్టాకే ఇక్కడ కాస్త తెరిపి వచ్చింది.

నిద్రకీ, రాత్రి చదువుకోవడానికీ, ఎలాగూ వెలుతురు రాని గదికీ అయితే మళ్లీ వేస్తాను. మా ఆయన ముందు పదకొండింటికల్లా లేచి కూర్చునేవాడు, ఇప్పుడు రెండు దాకా కదలట్లేదు. దాంట్లో రంగుది ఎంతో, మందపాటి కర్టెనుది ఎంతో విడదీసి చెప్పలేను, రెండూ ఒకే నెలలో వచ్చాయి.

వానలు మొదలై మూడు వారాలైంది. నిన్న పడమటి గోడ కింద, అదే అడుగున్నర ఎత్తులో మళ్లీ ప్లాస్టిక్ అంటించా. ఈ పొద్దున తీసి చూస్తే లోపలివైపు పొడిగానే ఉంది. టేపు లాగినప్పుడు గోరంత రంగు ఊడొచ్చింది. కింద బూడిద ప్రైమర్ కనిపిస్తోంది, తెలుపు కాదు కాబట్టి నాలుగడుగుల దూరం నుంచి ఎవరికీ తెలియట్లేదు.